నగదు నిల్వలు, చట్టబద్ధ ద్రవ్యత్వం: బ్యాంకు రుణాలకు పరిమితి ఎక్కడ ఏర్పడుతుంది?

వ్యాససంగ్రహం

నగదు నిల్వల నిష్పత్తి (సీఆర్ఆర్), చట్టబద్ధ ద్రవ్యత్వ నిష్పత్తి (ఎస్ఎల్ఆర్) రెండింటినీ కలిపి, ఆ మొత్తాన్ని నూటిలోనుంచి తీసివేస్తే మిగిలినదే బ్యాంకు ఇవ్వగల రుణమని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఈ లెక్క 1991 నాటి భారతీయ బ్యాంకులకు దాదాపుగా సరిపోతుంది. 2004 నాటి బ్యాంకులకు సరిపోదు. ఈ తేడాకు కారణమేమిటో, రెండు నిష్పత్తులూ రుణాన్ని ఏ మార్గాల్లో పరిమితం చేస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నగదు నిల్వల నిష్పత్తి, చట్టబద్ధ ద్రవ్యత్వ నిష్పత్తి, ప్రభుత్వ సెక్యూరిటీలు, రిజర్వు బ్యాంకు, రుణ విస్తరణ.

1. ప్రవేశిక

1997 అక్టోబరు నుండి 2008 నవంబరు వరకు భారతదేశంలో ఎస్ఎల్ఆర్ 25 శాతం వద్దనే స్థిరంగా ఉన్నది. అయినా ఈ కాలంలో బ్యాంకుల వద్ద ఉన్న ప్రభుత్వ సెక్యూరిటీల వాటా స్థిరంగా లేదు. 2004 నాటికి అది దాదాపు 42 శాతానికి పెరిగి, 2007 మార్చి నాటికి 28 శాతం దరిదాపులకు తగ్గింది. నిబంధన మారకుండానే రుణాలు కొన్నేళ్లు మందగించి, ఆ తరువాత ఏటా సుమారు 30 శాతం చొప్పున పెరిగాయి. నిష్పత్తులే రుణ పరిమితిని నిర్ణయిస్తాయనుకుంటే ఈ పరిణామాన్ని వివరించడం సాధ్యం కాదు. కనుక ముందుగా ఆ రెండు నిష్పత్తులూ బ్యాంకు నుండి వేర్వేరుగా ఏమి కోరుతాయో చూడవలసి ఉంటుంది.

2. రెండు చట్టాలు, రెండు బాధ్యతలు

సీఆర్ఆర్‌కు ఆధారం 1934 నాటి భారతీయ రిజర్వు బ్యాంకు చట్టంలోని 42వ సెక్షన్. ఎస్ఎల్ఆర్‌కు ఆధారం 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 24వ సెక్షన్. రెండింటికీ కొలమానం ఒక్కటే: బ్యాంకు ప్రజలకు అడిగిన వెంటనే గాని, గడువు తీరిన తరువాత గాని చెల్లించవలసిన మొత్తంలోనుంచి ఇతర బ్యాంకులతో గల లావాదేవీలను సర్దుబాటు చేయగా మిగిలే నికర బాధ్యత. వాడుకలో దీనిలో అధికభాగం డిపాజిట్లే.

ఈ బాధ్యతలో సీఆర్ఆర్ శాతానికి సమానమైన నగదును బ్యాంకు రిజర్వు బ్యాంకులోని తన ఖాతాలో ఉంచాలి. 2007 మార్చి 31 నుండి ఈ నిల్వపై వడ్డీ లేదు. ఒక పక్షం రోజుల సగటు మీద నిల్వను లెక్కిస్తారు కనుక ఒకనాటి కొరతను మరొకనాటి మిగులుతో పూడ్చుకోవచ్చు; అయితే ఏ రోజైనా నిర్దేశిత కనీసస్థాయికి తగ్గకూడదు. ఎస్ఎల్ఆర్ విషయంలో సొమ్ము బ్యాంకు ఆస్తిగానే ఉంటుంది. తన వద్ద ఉన్న నగదు, బంగారం, తాకట్టులో లేని ఆమోదిత సెక్యూరిటీలు ఇందులోకి వస్తాయి. ఆచరణలో ఇది ప్రధానంగా ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో ఉంటుంది, వడ్డీ కూడా వస్తుంది. సీఆర్ఆర్ కింద ఉంచిన నగదును ఎస్ఎల్ఆర్ లెక్కలో చూపడానికి వీలులేదు. అందుచేతనే రెండు శాతాలను కూడడం జరుగుతుంది.

3. ఒక బ్యాంకు లెక్క

వెయ్యి కోట్ల రూపాయల నికర బాధ్యత గల ఒక బ్యాంకును ఊహించుకొందాం. సీఆర్ఆర్ 4.5 శాతం, ఎస్ఎల్ఆర్ 25 శాతం అనుకుంటే రిజర్వు బ్యాంకులో 45 కోట్లు, సెక్యూరిటీల్లో 250 కోట్లు ఉండాలి. ఈ బ్యాంకు ఒక పరిశ్రమకు 100 కోట్ల రుణం మంజూరు చేసింది. మంజూరైన క్షణంలో బ్యాంకు చేసే పని పరిశ్రమ ఖాతాలో 100 కోట్లు జమ వ్రాయడమే. దానికి ముందుగా ఎవరి డిపాజిట్టునూ తీసి ఇవ్వవలసిన అవసరం లేదు. బాధ్యత 1,100 కోట్లకు చేరింది కనుక నిల్వ 49.5 కోట్లకు, సెక్యూరిటీలు 275 కోట్లకు పెరగవలసి ఉంటుంది.

అసలు ఇబ్బంది మరునాడు మొదలవుతుంది. పరిశ్రమ యంత్రాలు అమ్మినవారికి చెక్కు ఇస్తుంది. ఆ చెక్కు వేరొక బ్యాంకులో జమ అవుతుంది. అప్పుడు మొదటి బ్యాంకు 100 కోట్లను రిజర్వు బ్యాంకులోని తన ఖాతా ద్వారా చెల్లించాలి. బాధ్యత తిరిగి వెయ్యి కోట్లకు తగ్గుతుంది కాని, ఆ ఖాతాలో ఉన్నవి 45 కోట్లే. వాటిని వాడితే సీఆర్ఆర్ కొరత ఏర్పడుతుంది. కొరత మొత్తంపై మొదటి రోజుకు బ్యాంకు రేటు కంటే 3 శాతం, కొనసాగితే 5 శాతం అధికంగా అపరాధ వడ్డీ పడుతుంది.

ఈ దశలో ఆ బ్యాంకు వద్ద ఎన్ని సెక్యూరిటీలున్నాయన్నదే నిర్ణాయకం. 420 కోట్ల సెక్యూరిటీలుంటే 170 కోట్లు నిబంధనకు మించినవి. అందులో 100 కోట్లు అమ్మినా, రెపో పద్ధతిలో తాకట్టు పెట్టినా చెల్లింపు పూర్తవుతుంది. సరిగ్గా 250 కోట్లే ఉంటే అమ్మడానికి వీలులేదు. తాకట్టు పెట్టిన సెక్యూరిటీ ఎస్ఎల్ఆర్ లెక్కలోనుంచి తొలగిపోతుంది కనుక ఆ మార్గమూ మూసుకుపోతుంది. 'ద్రవ్యత్వం' పేరుతో ఉంచిన ఆస్తి అవసరానికి ద్రవ్యంగా మారదన్నది ఎస్ఎల్ఆర్‌లోని వైరుద్ధ్యం. 2011లో ప్రవేశపెట్టిన మార్జినల్ స్టాండింగ్ ఫెసిలిటీ ఈ నిల్వలోనుంచి ఒక చిన్న భాగాన్ని తాకట్టు పెట్టి అప్పు తీసుకొనే వీలు కల్పించింది. అంతకుముందు ఇటువంటి స్థిరమైన సదుపాయం లేదు.

అప్పుడు బ్యాంకుకు మిగిలిన ప్రధాన మార్గం కొత్త డిపాజిట్ల సేకరణ. ప్రతి నూరు రూపాయల కొత్త డిపాజిట్టులో 4.50 నగదు నిల్వకు, 25 సెక్యూరిటీలకు పోగా 70.50 రుణానికి మిగులుతుంది. పాఠ్యగ్రంథాల తీసివేత లెక్క వర్తించేది ఈ స్థితిలోనే, అంటే మిగులు సెక్యూరిటీలు లేని బ్యాంకుకు మాత్రమే.

4. 1991: రెండు నిష్పత్తులూ బిగిసిన కాలం

1990లో ఎస్ఎల్ఆర్ 38.5 శాతానికి చేరింది. సీఆర్ఆర్ అప్పటికే 15 శాతం. 1991 మే తరువాత పెరిగిన డిపాజిట్లపై మరో 10 శాతం అదనపు నగదు నిల్వను కూడా రిజర్వు బ్యాంకు విధించింది. అంటే కొత్తగా వచ్చిన ప్రతి నూరు రూపాయల్లో 25 నగదు నిల్వకు, 38.50 సెక్యూరిటీలకు పోగా చేతిలో మిగిలినది 36.50 మాత్రమే. రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలన్న లక్ష్యాన్ని కూడా లెక్కిస్తే, బ్యాంకు తన నిర్ణయం మేరకు ఇవ్వగలిగినది సుమారు 22 రూపాయలే. అప్పటి సెక్యూరిటీలపై వడ్డీ మార్కెట్ కంటే తక్కువ కనుక బ్యాంకులు నిబంధనకు మించి కొనడానికి ఆసక్తి చూపలేదు. మైదవోలు నరసింహం అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1991లో ఎస్ఎల్ఆర్‌ను దశలవారీగా 25 శాతానికి తగ్గించాలని సిఫారసు చేసింది. అది 1997లో నెరవేరింది.

5. 2004–2008: ఒకటి సడలి, మరొకటి బిగిసిన కాలం

2000 తరువాత వడ్డీ రేట్లు తగ్గుతూ వచ్చాయి. రేట్లు తగ్గితే పాత సెక్యూరిటీల ధర పెరుగుతుంది. పరిశ్రమల నుండి రుణాలకు గిరాకీ మందంగా ఉన్నది. మూలధన నిబంధనల దృష్ట్యా ప్రభుత్వ సెక్యూరిటీలకు నష్టభయపు భారం సున్నా. ఈ కారణాల వల్ల బ్యాంకులు స్వచ్ఛందంగానే సెక్యూరిటీలను పెంచుకున్నాయి. ఆ రోజుల్లో ఎస్ఎల్ఆర్‌ను 25 నుండి 20కి తగ్గించి ఉన్నా ఒక్క రూపాయి అదనపు రుణం వెలువడేది కాదు.

2004 తరువాత రుణాలకు గిరాకీ పెరిగి, వడ్డీ రేట్లు తిరిగి పైకి కదలడంతో బ్యాంకులు సెక్యూరిటీల కొనుగోలు తగ్గించి, వచ్చిన డిపాజిట్లను రుణాలవైపు మళ్లించాయి. 42, 28 శాతాల మధ్య వ్యత్యాసమే ఆ రుణ విస్తరణకు చోటు కల్పించిన ప్రధాన ఆధారాల్లో ఒకటి. అప్పటి గవర్నరు యాగా వేణుగోపాల్ రెడ్డి హయాంలో రిజర్వు బ్యాంకు దీనికి ఎదురుగా ప్రయోగించిన సాధనాల్లో ముఖ్యమైనది సీఆర్ఆర్. 2006 డిసెంబరు నుండి దఫదఫాలుగా పెంచిన ఈ నిష్పత్తి 2008 ఆగస్టు చివరికి 5 నుండి 9 శాతానికి చేరింది.

సీఆర్ఆర్‌నే ఎంచుకోవడంలో ఒక తర్కం ఉన్నది. ఎస్ఎల్ఆర్ కింద బ్యాంకు సెక్యూరిటీ కొంటే ఆ డబ్బు ప్రభుత్వానికి చేరి, ప్రభుత్వ వ్యయం ద్వారా మరొక బ్యాంకులో డిపాజిట్టుగా తిరిగివస్తుంది. కనుక అది ప్రధానంగా రుణం ఎవరికి అందాలో నిర్ణయిస్తుంది. సీఆర్ఆర్ కింద నిలిచిన నగదు మాత్రం బ్యాంకుల మధ్య చెల్లింపులకు విడుదల కాదు. పైగా 2007 తరువాత అది ఆదాయం లేని సొమ్ము. 6 శాతం వడ్డీకి డిపాజిట్టు తీసుకున్న బ్యాంకు 9 శాతం నిల్వ ఉంచితే, వాడుకోగల 91 రూపాయలపై దాని వ్యయం 6.59 శాతమవుతుంది. నిల్వ పరిమాణం మీదనే గాక, రుణం ధర మీద కూడా సీఆర్ఆర్ పనిచేస్తుందన్నమాట.

అయితే 4.5 శాతం సీఆర్ఆర్‌ను తలకిందులు చేసి డబ్బు 22 రెట్లు పెరుగుతుందనడం సరికాదు. ప్రజలు కొంత సొమ్మును నోట్ల రూపంలోనే తమ వద్ద ఉంచుకుంటారు. 2004లో విస్తృత ద్రవ్యం రిజర్వు ద్రవ్యానికి ఐదు రెట్లకు లోపే ఉన్నది.

6. పరిమితిని గుర్తించే విధానం

ఒక కాలంలో ఏ నిష్పత్తి రుణాన్ని నిజంగా అడ్డుకుంటున్నదో తెలుసుకోవడానికి రెండు ప్రశ్నలు ఉపకరిస్తాయి. బ్యాంకుల వద్ద ఉన్న సెక్యూరిటీలు నిబంధనకు ఎంత మించి ఉన్నాయి? బ్యాంకులు రిజర్వు బ్యాంకు నుండి నిత్యం అప్పు తీసుకుంటున్నాయా, లేక మిగులును అక్కడే దాచుతున్నాయా? మొదటిదానిలో మిగులు పెద్దదైతే ఎస్ఎల్ఆర్ తగ్గింపు కాగితం మీది మార్పే. రెండవదానిలో మిగులు దాచుతున్నట్లయితే సీఆర్ఆర్ తగ్గించినా విడుదలైన నగదు తిరిగి రిజర్వు బ్యాంకుకే చేరవచ్చు. 2008 అక్టోబరు, 2009 జనవరి మధ్య సీఆర్ఆర్ 9 నుండి 5 శాతానికి తగ్గింది. అయినా రుణ వృద్ధి మందగించింది. రుణగ్రహీత మీద నమ్మకం, ప్రాజెక్టుల గిరాకీ తగ్గినప్పుడు నగదు ఒక్కటే చాలదు.

7. ముగింపు

ఎస్ఎల్ఆర్ 2020 ఏప్రిల్ నుండి 18 శాతం. సీఆర్ఆర్ 2025 నవంబరు చివరికి 3 శాతానికి తగ్గింది. తీసివేత లెక్క ప్రకారం నూటికి 79 రూపాయలు రుణానికి మిగలాలి. కాని బ్యాంకులు 18 శాతాన్ని గణనీయంగా మించి సెక్యూరిటీలు ఉంచుకుంటున్నాయి. 2015లో మొదలైన ద్రవ్యత్వ కవరేజి నిష్పత్తికి కూడా ఇటువంటి ఆస్తులే అవసరం కనుక ఆ మిగులంతా ఖాళీగా ఉన్న నిధి కాదు. నిష్పత్తి ప్రకటిత అంకె రుణానికి గరిష్ఠ హద్దును మాత్రమే సూచిస్తుంది. బ్యాంకు ఆ హద్దును తాకుతున్నదా లేదా అన్నది దాని ఆస్తి అప్పుల పట్టీలోనే కనిపిస్తుంది. తరగతిగదిలో రెండు శాతాలను కూడే ముందు ఈ పరిశీలన జరిగితే, 1991ని వివరించే సూత్రాన్ని 2004కు అన్వయించే పొరపాటు తప్పుతుంది.