పోస్ట్ కన్నా కామెంట్‌కే ఎక్కువ లైకులు వస్తే... ఓడింది ఎవరు?

ఈరోజు టాపిక్ రేషియో. ఎవరో ఒక పోస్ట్ పెడతారు, దానికి 400 లైకులు. కింద ఒక రిప్లైకి 2,000 లైకులు. వెంటనే "రేషియో అయిపోయాడు బ్రో" అంటాం. అంటే పోస్ట్ పెట్టినవాడిది తప్పు అని మనం ఫిక్స్ అయిపోతాం. నిజంగా అంతేనా?

ముందు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2017 ఏప్రిల్‌లో షికాగోలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి ఒక ప్రయాణికుడిని ఈడ్చుకెళ్లారు. ఆ వీడియో బయటికొచ్చాక కంపెనీ సీఈఓ ఇచ్చిన ప్రకటనను ట్విట్టర్‌లో పెట్టారు. దానికి లైకుల కన్నా రిప్లైలు చాలా ఎక్కువ వచ్చాయి, అవి కూడా తిట్లే. అప్పట్లో రేషియో అంటే అదే, లైకులకీ రిప్లైల సంఖ్యకీ మధ్య తేడా. ఒకే ఒక్క రిప్లై లైకుల్లో పోస్ట్‌ని దాటేయడం అనే అర్థం తర్వాత వచ్చింది.

నేను రెండుసార్లు రేషియో అయ్యాను. ఆ రెండూ ఒకటి కాదు, అందుకే ఈ ఎపిసోడ్.

మొదటిసారి, "ఫోన్ బ్యాటరీ పూర్తిగా సున్నాకి వచ్చాకే ఛార్జింగ్ పెట్టండి" అని ఎక్స్‌లో రాశాను. 40,000 వ్యూస్, 400 లైకులు. అంటే వంద వ్యూస్‌కి ఒక లైకు. కింద ఒకాయన, "అది పాత నికెల్ బ్యాటరీల సంగతి అన్నా, ఇప్పుడున్న లిథియం బ్యాటరీని మాటిమాటికీ సున్నాకి దించితే త్వరగా అరిగిపోతుంది" అన్నాడు. ఆ రిప్లైకి 16,000 వ్యూస్, 2,000 లైకులు. ఎనిమిది వ్యూస్‌కి ఒక లైకు!

ఇక్కడ గమనించాల్సింది లైకులు కాదు, వ్యూస్. రిప్లైని చూసింది పోస్ట్ చూసినవాళ్లలో సగం కన్నా తక్కువే. నా పోస్ట్ చదివి, డౌటొచ్చి, కిందికి స్క్రోల్ చేసి, ఆ మాట నచ్చి లైక్ కొట్టారు. చెక్ చేస్తే ఆయన చెప్పిందే కరెక్ట్. సారీ చెప్పి సరిదిద్దాను.

రెండోసారి, "రీసెంట్ యాప్స్ అన్నీ మాటిమాటికీ స్వైప్ చేసి మూసేస్తే బ్యాటరీ మిగలదు, మళ్లీ మొదటి నుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చవుతుంది" అని రాశాను. ఇది కరెక్టే. మొదటి రోజు 6,000 వ్యూస్, 150 లైకులు. రాత్రికి లక్షల ఫాలోయర్లున్న ఒక గేమింగ్ అకౌంట్ వచ్చి, "ఈయన ఫోన్ మీద దోసెలు వేసుకోవచ్చు" అని జోకేసింది. పొద్దున్నకి నా పోస్ట్‌కి 90,000 వ్యూస్, 190 లైకులు. ఆ జోకుకి 80,000 వ్యూస్, 3,200 లైకులు. పరువు పోయిందని డిలీట్ చేసేశాను. వారం తర్వాత మా తమ్ముడు అడిగాడు, "అన్నా, అది తప్పా? నేను మళ్లీ అన్నీ మూసేస్తున్నా" అని. అప్పుడు కూర్చుని స్క్రీన్‌షాట్‌లో లెక్క చూశాను.

మొదటి 6,000 వ్యూస్‌లో నలభైకి ఒక లైకు వచ్చింది. ఆ తర్వాతి 84,000 వ్యూస్‌కి కలిపి వచ్చింది 40 లైకులే. పైగా రిప్లై వ్యూస్, పోస్ట్ వ్యూస్ దాదాపు సమానం. అంటే వచ్చినవాళ్లు నా పోస్ట్ కోసం రాలేదు, ఆ అకౌంట్ వెంట వచ్చారు. వాళ్లు బ్యాటరీ గురించి ఓటేయలేదు, దోసె జోకుకి నవ్వారు. ఒకసారి పైకెక్కిన రిప్లై ముందే కనబడుతుంది కాబట్టి దానికి ఇంకా లైకులు పడతాయి.

అందుకే ఎక్స్‌లో రేషియో కనబడితే రెండు చూడండి. ఒకటి, రిప్లై వ్యూస్ పోస్ట్ వ్యూస్‌కి ఎంత దగ్గరగా ఉన్నాయి, రాసింది పెద్ద అకౌంటా? రెండు, రిప్లైలో కొత్త సమాచారం ఉందా, లేక జోకేనా? చిన్న అకౌంట్, తక్కువ వ్యూస్, అయినా ఎక్కువ లైకులు, చెక్ చేసుకోగలిగే విషయం, ఇవన్నీ కలిస్తే సీరియస్‌గా తీసుకోండి. అప్పుడు కూడా చెక్ చేశాకే నమ్మండి.

ఈ లెక్కకి హద్దులున్నాయి. ఒకే మనిషి రెండుసార్లు చూస్తే రెండు వ్యూస్ పడతాయి, కాబట్టి ఇది సుమారు లెక్కే. యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో కామెంట్‌కి వ్యూస్ కనబడవు, అక్కడ రెండో ప్రశ్న ఒక్కటే దిక్కు. ఇంకోటి, కొన్ని రేషియోల్లో గొడవే ఉండదు. ఎవరో చనిపోయారన్న పోస్ట్‌కి లైక్ కొట్టడానికి చెయ్యి రాదు, కింద ఓదార్పు మాటకి కొడతాం. ప్రశ్న అడిగితే జవాబుకే లైకులు పడతాయి.

ఆ యాప్స్ పోస్ట్ మళ్లీ పెట్టాను. 70 లైకులొచ్చాయి. తమ్ముడు మాత్రం స్వైప్ చేయడం మానేశాడు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.