మఫిన్‌కు పది తిప్పులు, బ్రెడ్డుకు పది నిమిషాలు

గోధుమ పిండిలో గ్లూటెన్ ముందే తయారై ఉండదు. పొడి పిండిలో ఉండేవి గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు రకాల ప్రోటీన్లు. నీళ్లు తగిలాక ఇవి ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకుని, సాగే జిగురు అల్లికగా ఏర్పడతాయి. అదే గ్లూటెన్. ముద్దను లాగి వదిలితే వెనక్కి ముడుచుకోవడానికి కారణం గ్లూటెనిన్. తెగిపోకుండా సాగడానికి కారణం గ్లయాడిన్. బియ్యంలో, మినుముల్లో ఈ జంట లేదు. ఇడ్లీ పిండిని ఎంతసేపు గిలక్కొట్టినా ఇడ్లీ రబ్బరులా సాగకపోవడం అందుకే.

ఈ జిగురును పిండి నుంచి వేరుచేసి చూపినవాడు ఇటలీలోని బొలోన్యాకు చెందిన బెకారి. 1728లో ఆయన దీని గురించి ప్రసంగించాడు. ఆయన చేసిన పని ఏ వంటింట్లోనైనా చేసి చూడవచ్చు. మైదా ముద్దను బాగా పిసికి, కాసేపు నాననిచ్చి, గిన్నెడు నీళ్లలో మెల్లగా కడగాలి. పిండి పదార్థం పాలలాంటి నీళ్లుగా పోతుంది. చేతిలో మిగిలే బూడిద రంగు సాగే ముద్దలో ఎక్కువ భాగం గ్లూటెనే.

ఈ అల్లిక బలపడటానికి నీళ్లు, కదలిక, సమయం కావాలి. పిసికే కొద్దీ ప్రోటీన్ గొలుసులు విప్పారి, పక్కపక్కన చేరి, వాటి మధ్య బంధాలు పెరుగుతాయి. మొదట గరుకుగా, చేతికి అంటుకుంటూ ఉన్న ముద్ద నునుపెక్కుతుంది.

బ్రెడ్డుకు ఈ బలం తప్పనిసరి. 500 గ్రాముల పిండికి సుమారు 325 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, కొద్దిగా ఈస్ట్ వేసి చేసే మామూలు రొట్టెనే తీసుకుంటే, చేత్తో పదీ పన్నెండు నిమిషాలు మర్దించాలి. ఈస్ట్ గంటల తరబడి నెమ్మదిగా కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఆ వాయువును అంతసేపు పట్టి ఉంచాలంటే ప్రతి బుడగ చుట్టూ తెగకుండా సాగే పలుచని గోడ ఉండాలి. అల్లిక బలహీనమైతే గోడలు చిరిగి వాయువు జారిపోతుంది. రొట్టె పొంగక, గట్టిగా, బరువుగా మిగులుతుంది. మర్దన చాలిందో లేదో చూడటానికి నిమ్మకాయంత ముద్ద తీసుకుని వేళ్లతో మెల్లగా సాగదీయాలి. వెలుతురు కనిపించేంత పలుచని పొర చిరగకుండా నిలిస్తే చాలినట్టు. వెంటనే చిరిగితే ఇంకాసేపు పిసకాలి. చేత్తో పిసికేటప్పుడు అతి కావడం అరుదు, ముందు చేతులే అలసిపోతాయి. యంత్రంలో మాత్రం అల్లిక తెగి ముద్ద జిగటగా జారిపోయే ప్రమాదం ఉంది.

మఫిన్ లెక్క వేరు. 250 గ్రాముల మైదా, 100 గ్రాముల చక్కెర, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, 240 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, 80 మిల్లీలీటర్ల నూనె అనుకుందాం. ఇక్కడ వాయువు బేకింగ్ పౌడర్ నుంచి వస్తుంది: తడి తగలగానే కొంత, ఓవెన్ వేడికి మిగిలింది. అంతా నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి దాన్ని గంటల తరబడి పట్టి ఉంచే గోడలు అక్కర్లేదు. గుడ్డు, ఉడికి గట్టిపడే పిండి కలిసి నిర్మాణానికి సరిపోతాయి. నూనె ప్రోటీన్ల మీద పొరలా పరుచుకుని, చక్కెర నీళ్లను తనవైపు లాక్కుని, గ్లూటెన్ పెరుగుదలను కొంత అడ్డుకుంటాయి.

అయితే ఆ అడ్డు అంత గట్టిది కాదు. పిండికి దాదాపు సమానంగా పాలు ఉండటంతో ప్రోటీన్లకు తడికి కొరత లేదు. గరిటె ఆపకుండా తిప్పితే అల్లిక బలపడుతుంది. అప్పుడు వాయువు మెత్తగా అన్ని వైపులా వ్యాపించలేక, ఒకచోట చేరి పైకి దారి చేసుకుంటుంది. మఫిన్‌ను నిలువునా కోస్తే అడుగు నుంచి పైకి పోయే పొడవాటి సొరంగాలు కనిపిస్తాయి, పైభాగం మొనదేలి ఉంటుంది, నమిలితే సాగుతుంది. పైన సమంగా గుండ్రంగా ఉబ్బి, లోపల చిన్న గదులతో విరిగిపోయేది సరిగ్గా కలిపిన మఫిన్.

అందుకే పొడి సరుకులను ఒక గిన్నెలో, తడివాటిని ఇంకో గిన్నెలో ముందే బాగా కలుపుకోవాలి. రెండింటినీ ఒకటి చేశాక గరిటెతో పది పదిహేను సార్లు అడుగు నుంచి తిప్పితే చాలు. పొడి పిండి కనిపించకుండా పోగానే ఆపాలి. చిన్న చిన్న ఉండలు మిగిలినా కంగారు పడకూడదు. కాలేటప్పుడు వాటిలో చాలావరకు తడిసి కలిసిపోతాయి. వాటిని చితక్కొట్టాలనే తాపత్రయంలోనే ఎక్కువ మఫిన్లు పాడవుతాయి.

పొరపాటున ఎక్కువ తిప్పేస్తే సరిదిద్దుకునే దారి తక్కువ. చపాతీ ముద్దను కప్పి పక్కన పెడితే బిగువు సడలి సులువుగా ఒత్తుకోవచ్చు. మఫిన్ పిండినీ అలా ఉంచితే బిగువు కొంత సడలుతుంది, కానీ ఆలోగా బేకింగ్ పౌడర్ వాయువులో కొంత పోతుంది. మైదాలో నాలుగో వంతు తీసేసి ఆ స్థానంలో తెల్లని కార్న్‌ఫ్లోర్ వేసుకుంటే ప్రోటీన్ తగ్గి, కాస్త ఎక్కువ కలిపినా మఫిన్ అంత గట్టిపడదు.