తోటలో బోర్లు, పైపులు: ఫోన్ మ్యాప్‌లో ఎక్కించడం ఎలా?

అనంతపురం జిల్లాలో మాకు ఏడెకరాల చీనీ తోట ఉంది. అందులో నాలుగు బోర్లు ఉన్నాయి. రెండు పనిచేస్తున్నాయి, రెండు ఎండిపోయాయి. వాటి నుంచి ఫిల్టరు దాకా, అక్కడి నుంచి చెట్ల వరసలకూ భూమిలో రెండున్నర అడుగుల లోతున పీవీసీ పైపులు పరిచి ఉన్నాయి. ఏ పైపు ఎక్కడ వంపు తిరిగిందో, ఏ గేట్ వాల్వ్ మట్టి కింద పడి ఉందో తెలిసినవారు ఒక్కరే, మా నాన్నగారు. ఆయనకు డెబ్భై దాటాయి. నేను డల్లాస్‌లో ఉంటాను. తోట చూసుకుంటున్న మా చిన్నాన్న కొడుక్కి సగం లైన్లు తెలియవు. గట్టు సరిచేయడానికి జేసీబీ వచ్చిన ప్రతిసారీ నాన్నగారు ఎదురుగా నిలబడి "ఇక్కడ వద్దు, అక్కడ తీయి" అని చెప్పాల్సిందే. మన పాఠకుల్లో చాలామంది ఇళ్లలో ఇదే పరిస్థితి ఉంటుందని నా అంచనా.

ఈ సమాచారాన్ని ఫోన్ మ్యాప్‌లో ఎక్కించడం కష్టమేమీ కాదు. నేను వాడినవి క్యూజీఐఎస్, దాని జతగా ఫోన్‌లో నడిచే క్యూఫీల్డ్. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. ప్రాజెక్టు ఫైలు ఇక్కడ కూర్చుని తయారుచేసి ఊరికి పంపవచ్చు. పొలంలో సిగ్నల్ లేకపోయినా క్యూఫీల్డ్ పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా, అసలు సంగతి మరొకటి ఉంది. పైపును తవ్వి పట్టుకోవడానికి జీపీఎస్ ఒక్కటే చాలదు. ఎందుకు చాలదో, దానికి ఏం జత చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ఏది పాయింటు, ఏది లైను?

బోరు ఒక పాయింటు. స్టార్టర్ పెట్టె, గేట్ వాల్వ్, ఫిల్టరు, పైపు చీలే ప్రతి టీ కూడా పాయింట్లే. వీటి మధ్య నడిచే పైపు ముక్కలు లైన్లు. డేటాబేస్‌తో పరిచయం ఉన్నవారికి ఇందులో కొత్తేమీ లేదు, నోడ్లూ ఎడ్జిలూ అంతే. కానీ రెండు చోట్ల కాస్త ఆలోచించాలి.

మొదటిది మోటారు. సబ్‌మెర్సిబుల్ మోటారు బోరులోనే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే రికార్డులో పెట్టేయాలనిపిస్తుంది. అయితే బోరు కదలదు, మోటారు కదులుతుంది. కాలితే బయటికి తీసి రీవైండింగ్‌కి పంపుతారు. ఒక బోరు ఎండితే అదే మోటారును ఇంకో బోరులో దించుతారు. నీళ్లు తగ్గితే మరో రెండు పైపులు కలిపి ఇంకా లోతుకు దించుతారు. అందుకని మోటారుకు వేరే టేబుల్ పెట్టి, బోరు నంబరు ద్వారా కలపడం మంచిది. ఆ టేబుల్లో హార్స్‌పవర్, దించిన లోతు, తేదీ ఉండాలి. మార్పు జరిగినప్పుడు పాత వరసను దిద్దకుండా కొత్త వరస చేర్చండి. ఏ ఏడాది ఏ బోరులో మోటారు ఎంత కిందికి దిగిందో చూస్తే నీటి మట్టం కథ మీకే అర్థమవుతుంది.

రెండోది పైపు. బోరు నుంచి చివరి చెట్టు దాకా ఒకే పొడవాటి లైను గీయకండి. టీ వచ్చిన చోట, వాల్వ్ ఉన్న చోట, పైపు సైజు మారిన చోట లైనును తెంచి కొత్తది మొదలుపెట్టాలి. నీళ్లు పారే దిశలోనే గీయాలి. అప్పుడు "ఈ వాల్వ్ కట్టేస్తే ఏ ముక్కలు ఎండుతాయి?" అన్న ప్రశ్నకు మ్యాప్ జవాబు చెప్పగలదు. లైను చివర కచ్చితంగా ఆ పాయింటు మీదే ముగియాలి. తెర మీద అతుక్కున్నట్టు కనిపిస్తూ మధ్యలో అర మీటరు ఖాళీ ఉంటే, కంటికి తేడా తెలియదు కానీ ప్రోగ్రాముకు అది తెగిన పైపే. క్యూఫీల్డ్‌లో స్నాపింగ్ ఆన్ చేసుకుంటే ఈ బాధ ఉండదు.

నడుస్తూ గీయడం ఎందుకు వద్దు?

ట్రాకింగ్ ఆన్ చేసి పైపు మీదుగా నడిస్తే లైను దానంతటదే వస్తుంది కదా అనిపిస్తుంది. ఆకాశం తెరిచి ఉన్న చోట ఫోన్ జీపీఎస్ తప్పు మామూలుగా మూడు నుంచి అయిదు మీటర్లు ఉంటుంది. నడుస్తుంటే ఒక్కో పాయింటు ఒక్కో పక్కకు జరిగి, తిన్నని పైపు వంకరటింకరగా పడుతుంది. దాని పొడవు అసలు కన్నా ఎక్కువ వస్తుంది. పీవీసీ పైపు తిన్నగా పోతుంది, ఎల్బో ఉన్న చోటే తిరుగుతుంది. కాబట్టి రెండు చివరల్లోనూ, తిరిగిన ప్రతి చోటా మాత్రమే ఆగి పాయింటు తీసుకుంటే చాలు.

ఆగినప్పుడు ఒకటి రెండు నిమిషాలు కదలకుండా నిలబడి సగటు తీసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ "4 మీటర్లు" అని చూపిస్తే, మీరు ఆ వృత్తంలో ఉండే అవకాశం 68 శాతం అని అర్థం. అంటే మూడింట ఒకసారి మీరు ఆ వృత్తం బయటే ఉండవచ్చు. అదే చోట ఇంకో అయిదు నిమిషాలు నిలబడినా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే ఆ కాసేపట్లో తప్పు ఒకే పక్కకు లాగుతుంది. వేరే రోజు, వేరే సమయంలో మళ్లీ తీసుకుంటే సగటు మెరుగుపడుతుంది. రేకుల షెడ్డు లోపల, గోడ పక్కన, గుబురు చెట్టు కింద అంకెలు నమ్మకండి.

వెనకాల కనిపించే ఉపగ్రహ చిత్రానికి తగ్గట్టు పాయింట్లను జరపడం కూడా ప్రమాదమే. ఆ చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. మోటారు షెడ్డు మూల లాంటి స్పష్టమైన చోట నిలబడి, వేర్వేరు రోజుల్లో ఫోన్ చెప్పే చోటునూ చిత్రంలోని మూలనూ పోల్చి చూడండి. ప్రతిసారీ ఒకే పక్కకు తేడా వస్తుంటే తప్పు చిత్రానిదే.

ఒక లైను లెక్క

రెండో బోరు నుంచి ఫిల్టరుకు పోయే లైనును ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు అసలువి కావు, లెక్క సులువుగా ఉండాలని గుండ్రంగా మార్చాను. బోరు నుంచి గట్టు వెంబడి ఉత్తరానికి పోయి, మూలలో తూర్పుకు తిరిగి ఫిల్టరు చేరుతుంది.

```
{ "type": "Feature",
  "geometry": { "type": "LineString",
    "coordinates": [[77.61200, 14.65000],
                    [77.61200, 14.65100],
                    [77.61330, 14.65100]] },
  "properties": { "from": "B2", "to": "F1",
    "dia_mm": 90, "source": "told" } }
```

జియోజేసన్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం వస్తాయని గమనించండి. గూగుల్ మ్యాప్స్ వెతికే పెట్టెలో ఇది తిరగబడుతుంది, అక్కడ అక్షాంశమే ముందు. ఈ రెండూ తారుమారైతే అనంతపురం బోరు ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. అంత దూరం పోతే తప్పు వెంటనే తెలిసిపోతుంది, అదొక్కటే మేలు.

ఇక పొడవు. మన అక్షాంశంలో ఉత్తరానికి 0.001 డిగ్రీ అంటే సుమారు 111 మీటర్లు. తూర్పుకు 0.0013 డిగ్రీ అంటే సుమారు 140 మీటర్లు. మొత్తం 251 మీటర్లు. దీన్ని సరిచూడడానికి నాన్నగారి దగ్గర ఇంకో లెక్క ఉంది. ఆ లైనుకు ఇరవై అడుగుల పైపులు 41 పట్టాయి. ఒక్కోటి ఆరు మీటర్లు అనుకుంటే 246 మీటర్లు. అయిదు మీటర్ల తేడా జీపీఎస్ తప్పులో ఇమిడిపోతుంది, కాబట్టి లైను సరైనదే.

అదే మూలలో ఉన్న వంపును వదిలేసి బోరు నుంచి ఫిల్టరుకు తిన్నగా గీసి ఉంటే పొడవు 178 మీటర్లే వచ్చేది. 68 మీటర్లు, అంటే పదకొండు పైపులు లెక్కకు రావు. ఆ లోటు చూడగానే ఎక్కడో ఒక మలుపు తప్పిపోయిందని తెలుస్తుంది. పైపుల బిల్లు పాత ట్రంకు పెట్టెలో దొరికితే పారేయకండి, మ్యాప్‌ను పరీక్షించడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

పైన `source` అన్న కాలమ్ ఒకటి ఉంది చూడండి. దీనికి మూడు విలువలు పెట్టాను. పైపు తెరిచి ఉండగా కొలిస్తే `seen`, పెద్దవాళ్లు చూపిస్తే `told`, ఊహించి గీస్తే `guess`. మ్యాప్‌లో మూడూ ఒకేలా కనిపిస్తే ఊహ కూడా నిజమైపోతుంది. అందుకే ఊహించిన లైన్లను చుక్కల గీతగా చూపించాను. లీకేజీకో మరమ్మతుకో తవ్వినప్పుడు, మట్టి పూడ్చేలోపు ఆ చోటును కొలిచి `seen`గా మార్చుకోవాలి.

చివరి నాలుగు మీటర్లు

నాలుగు మీటర్ల వృత్తం అంటే యాభై చదరపు మీటర్ల నేల. మట్టిలో పూడిన వాల్వ్ కోసం అంత నేల ఎవరూ తవ్వరు. ఇక్కడే పాత సర్వేయర్ల పద్ధతి అక్కరకొస్తుంది. కదలని గుర్తుల నుంచి టేపుతో దూరం కొలిచి, ఆ అంకెలను పాయింటుతో పాటే రాసుకోవాలి. మూలలోని ఎల్బోకు మా రికార్డులో ఇలా ఉంది: మోటారు షెడ్డు ఈశాన్య మూల నుంచి 6.4 మీటర్లు, హద్దు రాయి నుంచి 9.1 మీటర్లు.

రెండు దూరాలతో రెండు వృత్తాలు గీస్తే అవి రెండు చోట్ల ఖండించుకుంటాయి. ఏ చోటు మనదో జీపీఎస్ పాయింటు చెబుతుంది. రెండూ దగ్గర దగ్గరగా పడి అనుమానం వస్తే మూడో గుర్తు నుంచి కూడా కొలవండి. గుర్తులు ఎంచుకునేటప్పుడు, ఎల్బో దగ్గర నిలబడి చూస్తే ఒకటి ఎదురుగానూ మరొకటి పక్కకూ ఉండేలా చూసుకోవాలి. రెండూ ఒకే దిక్కున ఉంటే వృత్తాలు ఒరుసుకుంటూ పోతాయి, టేపులో అరచేతి మందం తేడా వచ్చినా నేల మీద మీటరు తేడా అవుతుంది. చీనీ చెట్టును గుర్తుగా పెట్టుకోవద్దు, తోట ముసలిదైతే కొట్టేస్తారు. షెడ్డు, హద్దు రాయి, కరెంటు స్తంభం మేలు.

ఎండిన బోర్లను కూడా వదలకండి. నీళ్లు లేవని మ్యాప్‌లో పెట్టకపోతే కొన్నేళ్లకు అవి ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తుండదు. నోరు తెరిచి ఉన్న బోర్లలో పిల్లలు పడిపోతుండడంతో 2010లో సుప్రీంకోర్టు వాటిని అడుగు నుంచి పైదాకా పూడ్చాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే ఎండిన బోరు పాయింటుకు పూడ్చారా లేదా అన్న కాలమ్, ఫోటో తప్పనిసరిగా ఉండాలి. ఆ ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే వాటిలోని జీపీఎస్ వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపమని ఊళ్లోవాళ్లకు చెప్పండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. మీ తోటలో ఎప్పుడూ పని చేయని మనిషికి ఫోనూ టేపూ ఇచ్చి, ఒక వాల్వ్‌ను పట్టుకోమనండి. పెద్దవాళ్లను మాత్రం నోరు మెదపవద్దని ముందే చెప్పాలి. మా తమ్ముడు మూడో వాల్వ్‌కు ఇలాగే పరీక్ష పెట్టాడు. పని మీద వచ్చిన కుర్రాడు రెండో పార వేటుకే ప్లాస్టిక్ మూత తగిలించాడు. పార తగలకపోతే ముందు టేపు అంకెలు, తర్వాత `source` కాలమ్ చూసుకోండి. నాన్నగారు పక్కనే ఉండగానే ఆ తప్పు దిద్దుకోవచ్చు.