అడుగుకి 4 కిలోలు, పదికి 4 బస్తాలు

ఇల్లు కట్టాలనుకోగానే ప్లాను గీయకముందే అడిగే మాట ఒకటే: ఎంతవుతుంది? దీనికి మేస్త్రీలు, సైటు ఇంజినీర్లు నోటిలెక్కగా చెప్పే మూడు అంకెలున్నాయి. కట్టడం విస్తీర్ణంలో ఒక్కో చదరపు అడుగుకి సిమెంటు 0.4 బస్తా, ఇనుము మూడున్నర నుంచి 4 కిలోలు, ఇసుక 1.8 ఘనపుటడుగులు. పిల్లర్లు, బీములు, స్లాబ్‌తో కట్టే మామూలు ఇంటికి ఇవి వర్తిస్తాయి.

గజాల్లో కొన్న స్థలాన్ని ఈ అంకెలతో గుణించకూడదు. గదుల లోపలి కొలతలూ పనికిరావు. గోడల మందం, మెట్లు, వరండా కలుపుకుని ఆ అంతస్తుకి పడే మొత్తం విస్తీర్ణమే లెక్క. 150 గజాల స్థలమంటే 1,350 చదరపు అడుగులు. చుట్టూ ఖాళీ వదిలితే కట్టేది దాదాపు 1,000 అడుగులు అనుకుందాం. అప్పుడు సిమెంటు 400 బస్తాలు, ఇనుము 4 టన్నులు, ఇసుక 1,800 ఘనపుటడుగులు.

చాలామంది తికమకపడేది స్లాబ్ రోజున. 1,000 అడుగుల స్లాబ్ 5 అంగుళాల మందంతో వేస్తే కాంక్రీటు 417 ఘనపుటడుగులు, అంటే 12 ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకి దాదాపు 8 బస్తాలు పడతాయి కాబట్టి స్లాబ్‌కి సుమారు 95 బస్తాలు. ఇనుము టన్ను అటూ ఇటూ. ఇంత పెద్ద పనికి వంద బస్తాలే అయితే 400 ఎందుకని అనుమానం వస్తుంది. మిగతాదంతా ఫుటింగులు, పిల్లర్లు, బీములు, గోడలు, లోపలా బయటా ప్లాస్టరింగ్, నేల బెడ్డు తీసుకుంటాయి. ఇనుములోనూ అంతే, కంటికి కనబడే స్లాబ్‌ది నాలుగో వంతే.

అందుకే పై అంతస్తు వేసుకునేటప్పుడు అదే అంకె వాడితే లెక్క పెరిగిపోతుంది. ఫుటింగులు కిందే అయిపోయాయి గనక అక్కడ ఇనుము అడుగుకి 3 కిలోల చిల్లరకు దిగుతుంది. నల్లరేగడి నేలలో దీనికి తలకిందులు: గట్టి పొర దొరికేదాకా లోతుకి పోవాలి, అదనంగా పడేదంతా పునాదిలోనే. ప్రహరీ, నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు ఈ అంకెల్లో లేనే లేవు. వాటికి వేరే లెక్క వేయాలి. చిన్న ఇల్లయితే అడుగుకి గోడలెక్కువ పడతాయి, సిమెంటు కొంచెం పెంచుకోవాలి.

మూడింట్లో నమ్మకం తక్కువది ఇసుక అంకె. ఆరిన ఇసుక ఘనపుటడుగు 45 కిలోలనుకుంటే 1,800 అడుగులు దాదాపు 80 టన్నులు. కానీ ఇసుక కొద్దిగా తడిసి ఉంటే రేణువుల మధ్య నీటిపొర వాటిని దూరంగా నెట్టి, కుప్ప నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది. ట్రాక్టరు నిండుగానే కనిపిస్తుంది, లోపల సరుకు తక్కువ. గాజుగ్లాసులో ఆ ఇసుకను ముప్పాతికదాకా పోసి, మునిగేలా నీళ్లు పోసి కలిపి చూడండి. ఎంత కిందికి దిగితే అంత ఉబ్బు ఉందన్నమాట. తూకంలో కొన్నా తడి బరువు మీ ఖాతాలోనే.

ఇక డబ్బు. సిమెంటు బస్తా 350, ఇనుము కిలో 60, ఇసుక టన్ను 1,200 రూపాయలనుకుంటే వరుసగా లక్షా 40 వేలు, 2 లక్షల 40 వేలు, 96 వేలు. మొత్తం 4 లక్షల 76 వేలు, అడుగుకి 476. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. కాంట్రాక్టరు అడుగుకి 1,900 చెబితే ఈ మూడూ అందులో నాలుగో వంతే. కంకర, ఇటుక, కూలి, సెంట్రింగ్, తలుపులు, టైల్స్, కరెంటు, ప్లంబింగ్‌లదే మిగతాది. కాబట్టి ఈ 476ని ఇంటి ఖర్చు అనుకుని బ్యాంకుకి వెళ్లకండి.

నా దృష్టిలో ఈ అంకెల అసలు ఉపయోగం పని మొదలయ్యాకే. ఇనుము కిలోకి 10 రూపాయలు పెరిగిందని, అడుగు రేటు 150 పెంచాలని ఎవరైనా అంటే అడుగుకి 4 కిలోలన్న అంకె తీయండి. పెరగాల్సింది 40 రూపాయలు, అంతే. సరుకు దిగినప్పుడు కూడా ఇనుప కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకి 0.89 కిలో, 12 మీటర్ల పొడవుకి 10.7 కిలోలు. కడ్డీలు లెక్కబెట్టి, వేబ్రిడ్జి చీటీతో సరిపోల్చుకోవచ్చు. ఒకటి రెండు శాతం తేడా మామూలే. అంతకు బాగా మించితే లారీ కదలకముందే అడగాలి.