తొమ్మిది గంటల మెసేజ్ మూడుసార్లు ఎందుకొచ్చింది?

ఒక కేబుల్ ఆపరేటర్ ప్రతి నెలా 5వ తేదీ ఉదయం 9 గంటలకు 2,000 మందికి బిల్లు గుర్తుచేసే ఎస్ఎంఎస్ పంపాలనుకుందాం. ఈ కాస్త పనికి నెలంతా ఒక కంప్యూటర్‌ను నడపడం దండగ. అందుకే సర్వర్‌లెస్ పద్ధతి వచ్చింది. ప్రోగ్రామ్‌ను అమెజాన్ వారి లాంబ్డాలో పెట్టి, ఎప్పుడు నడవాలో చెబితే చాలు. నడిచిన సమయానికే డబ్బు కడతాం. ఆ వేళను ఇలా రాస్తారు:

```
cron(30 3 5 * ? *)
```

టైమ్ జోన్ చెప్పకపోతే ఇది యూటీసీ లెక్క. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి 3:30 అంటే మనకు 9 గంటలు.

నెలరోజులు ఖాళీగా ఉన్న ప్రోగ్రామ్‌కు సిద్ధంగా చోటు ఉండదు. వేళకు కొత్తగా చోటు కేటాయించి, కోడ్ తెచ్చి, లైబ్రరీలు ఎక్కించాలి. ఈ ఆలస్యమే కోల్డ్ స్టార్ట్. లాగ్‌లో `Init Duration` అని కనిపిస్తుంది. సాధారణంగా సెకను అటూఇటూ పడుతుంది. ఎదురుగా ఎవరూ వేచి చూడని పనికి దీనితో బెంగలేదు.

అసలు చిక్కు టైమవుట్‌తో వస్తుంది. లాంబ్డాలో ఏ పనికైనా గడువుంటుంది. మనం మార్చకపోతే 3 సెకన్లు, ఎంత పెంచినా 15 నిమిషాలు. మన ఆపరేటర్ 5 నిమిషాలు పెట్టాడు. ఒక్కో ఎస్ఎంఎస్‌కు 0.2 సెకన్లు పడితే 2,000కు 400 సెకన్లు కావాలి. 300వ సెకనుకు, 1,500 మందికి పంపేసరికి, లాంబ్డా పనిని ఆపేస్తుంది. లాగ్‌లో `Task timed out after 300.00 seconds` అని పడుతుంది.

అంతటితో ఆగదు. పని విఫలమైందనుకుని లాంబ్డా మరో రెండుసార్లు ప్రయత్నిస్తుంది, అదీ ప్రతిసారీ మొదటి పేరు నుంచే. ఫలితంగా 1,500 మందికి మూడేసి మెసేజ్‌లు వెళ్తాయి, చివరి 500 మందికి ఒక్కటీ అందదు. లాగ్‌లో ఒకే `RequestId` మూడు వేర్వేరు ప్రయత్నాల్లో కనిపిస్తే జరిగింది ఇదేనని గుర్తుపట్టవచ్చు.

గడువు పెంచితే ఈ నెల గండం గడుస్తుంది. కానీ ఏ పొరపాటూ లేకపోయినా, అరుదుగా ఒకే పిలుపు రెండుసార్లు రావచ్చు. ఈ వ్యవస్థ హామీ ఇచ్చేది ‘కనీసం ఒక్కసారి’ అనే, ‘సరిగ్గా ఒక్కసారి’ అని కాదు. కాబట్టి జాగ్రత్త ప్రోగ్రామ్‌లోనే ఉండాలి. ప్రతి మెసేజ్‌కూ ముందు ఖాతా నంబరు, నెల కలిపి డేటాబేస్‌లో ‘ఇది లేకపోతేనే చేర్చు’ అనే షరతుతో రాయాలి. చేరితే పంపాలి, అప్పటికే ఉంటే వదిలేయాలి. అప్పుడు రెండో ప్రయత్నం 1,500 పేర్లను దాటుకుని మిగిలిన 500 మందికే పంపుతుంది.

ఇందులోనూ ఒక సందు ఉంది. రాశాక, పంపేలోపు పని ఆగిపోతే ఆ ఒక్కరికి మెసేజ్ అందదు. పంపాక రాస్తే ఒకరికి రెండోసారి వెళ్లవచ్చు. బిల్లు గుర్తుచేయడంలో రెండోది నయం. డబ్బు కోసే పనిలో మాత్రం ముందే రాసుకుని, పూర్తికాని వాటిని మనిషి చూసి తేల్చడం మేలు.