నోటు మీద కనిపించని పన్ను

1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు జర్మనీ బొగ్గు గనుల ప్రాంతం రూర్‌ను ఆక్రమించాయి. నిరసనగా పని మానేసిన కార్మికులకు జీతాలు ప్రభుత్వమే ఇచ్చింది. ఖజానాలో డబ్బు లేదు. నోట్లు అచ్చేసింది.

అలా అచ్చేయడం కూడా పన్నే. జేబులో వంద మార్కులున్న మనిషిని తీసుకుందాం. నెలలో ధరలు రెట్టింపైతే ఆ వందతో మునుపటి యాభై మార్కుల సరుకే వస్తుంది. పోయిన సగం, కొత్త నోట్లతో ముందుగా కొనుక్కున్న ప్రభుత్వానికి చేరినట్టే. చట్టం లేదు, రసీదు లేదు. దెబ్బ మాత్రం నగదు తప్ప మరేమీ లేని పేదవాడికే ఎక్కువ.

అయితే జనం ఊరుకోరు. జీతం అందగానే దుకాణానికి పరుగెత్తారు, మార్కును చేతిలో ఉంచుకోవడం మానేశారు. నోట్ల రాశి పెరుగుతున్నా దాని మొత్తం కొనుగోలు విలువ కుంచించుకుపోయింది. అంటే పన్ను వేయడానికి మిగిలిన ఆస్తే తగ్గింది. మామూలు పన్నులు కూడా వసూలయ్యేసరికి విలువ కోల్పోయేవి. అంతే ఆదాయం కావాలంటే ఇంకా వేగంగా అచ్చేయాలి. అది జనాన్ని ఇంకా తరిమింది. అదుపు తప్పేది ఇక్కడే.

1914లో సుమారు 4.2 మార్కులున్న డాలరు, 1923 నవంబరులో 4.2 లక్షల కోట్లకు చేరింది. ఆ నెలలోనే రెంటెన్‌మార్క్ వచ్చింది. ఒక్కోదానికి లక్ష కోట్ల పాత మార్కులు. కొత్త పేరు కన్నా, దాని జారీకి పెట్టిన పరిమితి, ప్రభుత్వానికి కేంద్ర బ్యాంకు అప్పు ఆపేయడమే ధరలను నిలబెట్టాయి.