పట్టుచీర మీద కాలర్ మైక్

పెద్దావిడ పట్టుచీర కట్టుకుని, మెడలో నల్లపూసలు, పొడుగాటి హారం వేసుకుని ఇంటర్వ్యూకి వచ్చి కూర్చున్నారు. కాలర్ మైక్ ఎక్కడ పెట్టాలి? చొక్కాకైతే చిక్కు లేదు, రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య పట్టీకి తగిలిస్తే సరిపోతుంది. చీరకి అలాంటి నిలకడైన చోటు లేదు. పైట రవిక మీద జారుతుంది, హారం పైట మీద ఊగుతుంది. ఈ రాపిడంతా మైక్‌కి నోటికంటే దగ్గరగా జరుగుతుంది కాబట్టి మాటతో పోటీపడి వినిపిస్తుంది.

తొందరలో ఉన్నవాళ్ళు మైక్‌ని పైట అంచుకి, ఛాతీ నడిమధ్యన తగిలించేస్తారు. హారం వచ్చి తగిలేది సరిగ్గా అక్కడే. కాస్త ఎడమకి జరిగితే, పైట అంచు రవిక మెడని దాటే చోటు కనిపిస్తుంది. గడ్డానికి ఇంచుమించు జానెడు దూరం. అక్కడ పైటనీ రవికనీ కలిపి క్లిప్పులో పట్టాలి. రెండు బట్టలూ ఒకటిగా కదిలితే వాటి మధ్య రాపిడి ఉండదు. దానికి కొంచెం కింద, లోపలివైపు నుంచి ఇంకో పిన్నీసు పెడితే పైట జారదు. జరీ పోగులు లేవకుండా క్లిప్పు పళ్ళ కింద మెడికల్ టేపు ముక్క వేయాలి. ఈ పనులు ఆమె ఇంటి ఆడవాళ్ళ చేతనో, యూనిట్‌లోని అమ్మాయి చేతనో చేయించడం మర్యాద. నల్లపూసలు తీయమని అడగనే కూడదు. రవిక లోపలికి వేసుకోమంటే చాలు.

మైక్ ఎడమవైపు ఉంది కాబట్టి యాంకర్‌ని కూడా ఆమెకి ఎడమవైపే కూర్చోబెట్టాలి. లేకపోతే ఆమె అటు తిరిగి మాట్లాడినప్పుడల్లా గొంతు తగ్గిపోతుంది.

ఇక వైరు. క్లిప్పుకి దిగువనే దాన్ని చిన్న చుట్ట చుట్టి, బట్ట లోపలివైపు టేపుతో అతికించాలి. నడుము దగ్గర లాగుడు పడినా చుట్ట దగ్గరే ఆగుతుంది, మైక్ దాకా రాదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆవిడ చేత నమస్కారం పెట్టించి, తల అటూ ఇటూ తిప్పించి, ముందుకి వంగమని వినండి. మొద్దుగా దబదబమంటే తప్పు వైరుది. టిక్కుటిక్కుమంటే నగది. గరగరమంటే బట్టది. దబదబని రికార్డర్‌లోని లో కట్ కొంతవరకు తగ్గిస్తుంది. గరగరని తగ్గించలేదు. అది స, శ లాంటి అక్షరాల శబ్దంలో కలిసిపోతుంది, ఎడిటింగ్‌లో దాన్ని తీయబోతే మాటే మొద్దుబారుతుంది.

గంజి పెట్టిన నూలు చీరలతో మాత్రం ఈ ఏర్పాట్లేవీ పూర్తిగా పనిచేయవు. అక్కడ బట్ట మైక్‌కి తగలక్కర్లేదు, మడత కదిలితే చాలు, ఆ చప్పుడు గాలిలోంచే వచ్చేస్తుంది. అందుకే ముందురోజు ఫోన్‌లోనే చెప్పాలి: “అమ్మా, గంజి లేని మెత్తటి చీర కట్టుకోండి.”